శాటిలైట్లున్నా గొర్రెల కాపరే ముందు చూశాడు: మిలిటరీ ఇంటెలిజెన్స్‌లో అసలు పని ఏంటంటే

ప్రశ్న: సార్, మాది నిజామాబాద్. మా అబ్బాయి బీటెక్ సివిల్ థర్డ్ ఇయర్. మిలిటరీ ఇంటెలిజెన్స్‌లో చేరతానని పట్టుబట్టాడు. అదేదో గూఢచారి పని అని మా వాళ్లు భయపడుతున్నారు. పైగా ఇప్పుడన్నీ శాటిలైట్లే చూస్తున్నాయి కదా, ఇక మనుషులు చేసేదేముంటుంది? అసలు అక్కడేం చేస్తారు, వాడు ఏం చదవాలి, కొంచెం చెప్పండి.

జవాబు: అమ్మా, కార్గిల్ సంగతి చెప్తే మీ రెండు డౌట్లూ ఒకేసారి తీరతాయి, ఎందుకంటే కాపరి నుంచి శాటిలైట్ దాకా అన్నీ అందులో ఉన్నాయి, ఏది ఎక్కడ పనికొచ్చింది ఎక్కడ ఫెయిలయింది అన్నది కూడా రికార్డులో ఉంది.

1999 మే 3న బటాలిక్ దగ్గర కొండల్లో తాషి నామ్‌గ్యాల్ అనే కాపరి తప్పిపోయిన జడలబర్రె కోసం బైనాక్యులర్స్‌తో వెతుకుతుంటే దూరంగా ఎవరో మనుషులు కనిపించారు, మనవాళ్లలా లేరు, వెంటనే వచ్చి ఆర్మీకి చెప్పాడు. ఆ చుట్టుపక్కల కాపరుల్లో కొందర్ని అక్కడి బ్రిగేడ్ ఇంటెలిజెన్స్ వాళ్లు అప్పుడప్పుడూ సమాచారం కోసం వాడుకునేవాళ్లు. 3 పంజాబ్ బెటాలియన్ గస్తీ టీములు వెళ్లి చూసి మే 7కి నిజమే అని కన్ఫర్మ్ చేశాయి. మీవాళ్లు భయపడే "గూఢచారి" పని చాలాసార్లు ఇలాగే ఉంటుంది, ఆ ఊరి మనిషి, ఆ కొండ రోజూ చూసే మనిషి, నిన్న లేనిది ఇవాళ ఉందని పట్టుకోగలిగే మనిషి, అతను నమ్మి వచ్చి చెప్పేలా ముందునుంచీ పరిచయం పెట్టుకున్న ఆఫీసరు.

మరి శాటిలైట్లు ఏం చేస్తున్నాయి అంటారు కదా. అప్పటికి మన దగ్గర ఐఆర్ఎస్-1సి, 1డి ఉన్నాయి, వాటి బ్లాక్ అండ్ వైట్ కెమెరాలో ఒక్కో పిక్సెల్ నేలమీద 5.8 మీటర్లు. అంటే మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు ఉన్న టెంట్ వేస్తే అది ఒక పిక్సెల్‌లో పావు వంతు మాత్రమే, మిగతా ముప్పావు మంచో రాయో, అన్నీ కలిసిపోయి ఒక బూడిద రంగు చుక్కగా వస్తుంది. పైగా చొరబడ్డవాళ్లు దాక్కున్నవి సంగర్లు, అంటే అక్కడి రాళ్లే పేర్చి కట్టిన చిన్న గోడలు, చుట్టూ ఉన్న రాతికీ దీనికీ రంగులో తేడా ఉండదు. ఆ కెమెరాలు పంటలు, చెరువులు, అడవులు చూడ్డానికి చేసినవి, వాటినుంచి బంకర్ ఆశించడం తప్పు. చలికాలంలో హెలికాప్టర్‌లో తిరిగి చూసే ఏర్పాటూ ఉండేది, కానీ స్పీడుకీ కుదుపుకీ తెల్లటి మంచు మీద మనిషిని పట్టుకోవడం చాలా కష్టం, పోస్టులకీ పోస్టులకీ మధ్య ఖాళీలు కూడా చాలా కిలోమీటర్లు ఉండేవి.

ఇంతవరకూ కళ్ల సమస్య అమ్మా. దీనికంటే నాకు ముఖ్యం అనిపించేది ఇంకోటుంది, మీ అబ్బాయి చేరితే చేయాల్సిన పని కూడా నిజానికి అదే. యుద్ధం అయ్యాక కె. సుబ్రహ్మణ్యం గారి అధ్యక్షతన కార్గిల్ రివ్యూ కమిటీ వేశారు, వాళ్లు రాసిందాంట్లో ఒక విషయం చూడండి: 1998 జూన్‌లోనే కార్గిల్‌కి అవతలి వైపు జరుగుతున్న కదలికల గురించి ఇంటెలిజెన్స్ బ్యూరో ఒక నోట్ పంపింది, ప్రధానికి, హోం మంత్రికి, కేబినెట్ సెక్రటరీకి, హోం సెక్రటరీకి, ఆర్మీ ఆపరేషన్స్ డైరెక్టర్ జనరల్‌కి వెళ్లింది, కానీ విదేశీ సమాచారం సేకరించే సంస్థ రా చీఫ్‌కీ, జాయింట్ ఇంటెలిజెన్స్ కమిటీ చైర్మన్‌కీ, మిలిటరీ ఇంటెలిజెన్స్ డైరెక్టర్ జనరల్‌కీ వెళ్లలేదు. అంటే ముక్కల్ని కలిపి చూడాల్సిన ముగ్గురి బల్ల మీదకీ ఆ కాగితం రాలేదు. దాని పక్కన ఇంకో నమ్మకం గట్టిగా పాతుకుపోయి ఉంది, చలికాలంలో అంత ఎత్తులో పెద్ద సంఖ్యలో సైన్యాన్ని ఎవరూ నిలబెట్టలేరు, తెలివున్నవాడెవడూ ఆ పని చేయడు అని. అలా అనుకున్నాక చేతికొచ్చిన చిన్న చిన్న ఆధారాలు కూడా మామూలు చొరబాటు లెక్కలోకి వెళ్లిపోతాయి. సమాచారం లేక కాదు, ఉన్నదాన్ని ఒకచోట పెట్టి "ఇది వేరే ఏదైనా అయ్యుండొచ్చా" అని అడిగే మనిషి లేక నష్టపోయాం.

ఇప్పుడు దీనికీ ఆపరేషన్ ప్లానింగ్‌కీ లింకు ఎక్కడ? దాడికి వెళ్లబోయే కమాండర్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్ని అడిగేవి నాలుగైదు ప్రశ్నలే, ఎదురుగా ఉన్నది ఎవరు, ఎంతమంది, ఏ ఆయుధాలు, ఎటునుంచి తిండీ మందుగుండూ వస్తున్నాయి, ఏ వైపు నుంచి ఎక్కితే తక్కువ కనిపిస్తాం. ఇందులో మొదటి ప్రశ్నకి జవాబు తప్పయితే మిగతా ప్లాన్ మొత్తం తప్పుతుంది. మొదట్లో పైనున్నది కొద్దిమంది మిలిటెంట్లే అనుకున్నారు, ఆ లెక్కతోనే ద్రాస్ పైనున్న తోలోలింగ్ మీదకి మే మూడో వారంలో 18 గ్రెనేడియర్స్ వెళ్లింది. తోలోలింగ్ మీద నుంచి చూస్తే కింద శ్రీనగర్–లేహ్ హైవే అరచేతిలో ఉన్నట్టే, బండ్లు ఎప్పుడు కదిలినా పైనుంచి చూసి ఫిరంగులకి చెప్పొచ్చు. దాక్కోడానికి చెట్టు కూడా లేని ఆ వాలు మీద ఎక్కుతున్న మనవాళ్లకి పైనుంచి మెషిన్ గన్లు తగిలాయి, ముందుకి వెళ్లలేకపోయారు, చాలామందిని పోగొట్టుకున్నారు.

అసలు పైనున్నది ఎవరో ఎలా తేలిందంటే రెండు మూడు వైపుల నుంచి. దొరికిన శవాల మీద గుర్తింపు కార్డులు, జీతాల పుస్తకాలు బయటపడ్డాయి, వాళ్లు పాకిస్తాన్ నార్తర్న్ లైట్ ఇన్‌ఫాంట్రీ సైనికులు. మే 26, 29 తేదీల్లో బీజింగ్‌లో ఉన్న పాకిస్తాన్ ఆర్మీ చీఫ్ ముషారఫ్, రావల్పిండిలో ఉన్న ఆయన చీఫ్ ఆఫ్ జనరల్ స్టాఫ్ మహమ్మద్ అజీజ్ మాట్లాడుకున్న ఫోన్ మనవాళ్లు పట్టుకున్నారు, దాన్ని జూన్ 11న ప్రభుత్వం బయటపెట్టింది కూడా. చూడండి, జేబులో దొరికిన చిన్న పుస్తకం ఒక వైపు, ఫోన్ ఇంటర్‌సెప్ట్ ఇంకో వైపు, రెండూ ఒకదానితో ఒకటి సంబంధం లేని దారుల్లో వచ్చి ఒకే మాట చెప్పాయి. ఇంటెలిజెన్స్‌లో నమ్మకం అలాగే పెరుగుతుంది, ఒకే సోర్స్ పదిసార్లు చెప్పినా అది ఒక సోర్సే.

ఎదురుగా ఉన్నది మంచి ఆయుధాలున్న పాకిస్తాన్ సైన్యం అని తేలాక ప్లాన్ మారింది. చిన్న చిన్న టీముల్ని పైకి పంపడం ఆపి, ముందు ఆర్టిలరీతో గట్టిగా కొట్టి, తర్వాత వేర్వేరు వైపుల నుంచి ఎక్కడం. 2 రాజపుతానా రైఫిల్స్ ముందే కొండని జాగ్రత్తగా చూసుకుని వెళ్లి జూన్ 13న తోలోలింగ్ పట్టుకుంది. మన హైదరాబాద్ మేజర్ పద్మపాణి ఆచార్య గారు ఆ బెటాలియనే, జూన్ 28న లోన్ హిల్ దాడిలో ప్రాణం ఇచ్చారు, మహావీర్ చక్ర వచ్చింది.

ఇంకో చిన్న సంగతి. బటాలిక్ వైపు ఒక్కో సంగర్‌ని వెతికి బాంబు వేయడం కంటే వాళ్లకి సామాను వచ్చే చోటు వెతకడం మంచిది కదా, ఎయిర్ ఫోర్స్ నిఘా ఫోటోల్లో ముంథో ధాలో అనే చోట సప్లై క్యాంపు కనిపించింది, జూన్ 17న మిరాజ్ 2000లు దాన్ని కొట్టాయి. బంకర్ రాయిలో కలిసిపోతుంది గానీ టెంట్ల గుంపునీ సామాన్ల డంపునీ అలా దాచడం కష్టం. ఈ ఫోటోలకీ ఖరీదు ఉంది, మే 21న ఫోటోలు తీయడానికి వెళ్లిన క్యాన్‌బెరా విమానానికి స్టింగర్ మిసైల్ తగిలింది, ఒక ఇంజిన్‌తో ఎలాగో వెనక్కి తెచ్చారు.

ఆ యుద్ధం తర్వాత చాలా మారింది. 2001 అక్టోబర్‌లో శ్రీహరికోట నుంచి వెళ్లిన టెస్ శాటిలైట్ ఒక మీటర్ వివరం ఇచ్చింది, 2009లో రాడార్ శాటిలైట్ రీశాట్-2 వచ్చింది, దానికి మబ్బు, చీకటి అడ్డు కావు, 2019లో కార్టోశాట్-3 వచ్చేసరికి పిక్సెల్ పావు మీటర్ దగ్గరకి దిగింది. మూడు దళాల సమాచారం ఒకచోట చేర్చడానికి 2002లో డిఫెన్స్ ఇంటెలిజెన్స్ ఏజెన్సీ పెట్టారు. అయినా శాటిలైట్ ఆ చోటు మీదకి వచ్చినప్పుడే చూస్తుంది, అది ఎప్పుడొస్తుందో అవతలివాడు లెక్కకట్టుకోగలడు, టెంట్ కనిపిస్తుంది గానీ అందులో ఉన్నవాడు రేపు ఏం చేద్దామనుకుంటున్నాడో కనిపించదు. బొమ్మలు ఎక్కువయ్యేకొద్దీ వాటిని చదివే మనుషులు ఇంకా ఎక్కువ కావాలి. మీ రెండో ప్రశ్నకి నా జవాబు ఇదే.

ఇక బాబు దారి. నేరుగా మిలిటరీ ఇంటెలిజెన్స్‌కి అప్లికేషన్ పెట్టుకోవడం అంటూ ఆఫీసర్లకి ఉండదు, ముందు ఆర్మీ ఆఫీసర్ అవ్వాలి. డిగ్రీ ఫైనల్ ఇయర్‌లోకి వచ్చాక సీడీఎస్ అనే ఆఫీసర్ల ఎంపిక పరీక్ష రాయొచ్చు, యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పెడుతుంది, తర్వాత ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూ, మెడికల్, ఆపైన అకాడమీ ట్రైనింగ్. ఇంజినీరింగ్ వాళ్లకి టెక్నికల్ ఎంట్రీలు వేరే ఉన్నాయి గానీ అవి ఎక్కువగా ఇంజినీర్స్, సిగ్నల్స్ లాంటి వాటికి పోతాయి, అందుకే ఇంటెలిజెన్స్ కోర్ మీదే మనసుంటే సీడీఎస్ మేలు. అకాడమీ చివర్లో క్యాడెట్లు ఛాయిస్ ఇస్తారు, మెరిట్, ఖాళీలు చూసి కేటాయిస్తారు, కోరింది రాకపోవచ్చు కూడా, వేరే రెజిమెంట్ వచ్చినా సంతోషంగా చేస్తాడా అని ఇప్పుడే అడగండి. కాదంటే ఈ దారి వద్దు. వయసు లిమిట్లు ఆ ఏడాది నోటిఫికేషన్‌లోనే చూసుకోండి.

యూనిఫాం కుదరకపోతే బొమ్మలు చదివే పని సివిల్ వైపూ ఉంది, సివిల్ ఇంజినీర్‌కి రిమోట్ సెన్సింగ్, అంటే శాటిలైట్ బొమ్మల నుంచి నేల గురించి తెలుసుకునే చదువు, సహజంగా కలిసొస్తుంది. డెహ్రాడూన్‌లో ఇస్రో వాళ్ల సంస్థ ఐఐఆర్ఎస్‌లో ఎంటెక్ ఉంది, డిగ్రీ మన ఆంధ్రా యూనివర్సిటీదే, హైదరాబాద్‌లో జేఎన్‌టీయూలో కూడా కోర్సు ఉంది, ఇస్రో వాళ్ల రిమోట్ సెన్సింగ్ సెంటర్ ఎన్ఆర్ఎస్‌సీ బాలానగర్‌లోనే, శాటిలైట్ డేటా దిగేది షాద్‌నగర్‌లో.

వాడికి ఈ పని నిజంగా నచ్చుతుందా అన్నది ఈ సెలవుల్లోనే తెలుసుకోవచ్చు, డబ్బు ఖర్చు కూడా లేదు. కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైట్‌లో యూరప్ వాళ్ల సెంటినెల్-2 శాటిలైట్ బొమ్మలు ఫ్రీగా వస్తాయి, పిక్సెల్ 10 మీటర్లు, నాలుగైదు రోజులకోసారి కొత్తది. మీ ఊరి దగ్గర శ్రీరాంసాగర్ తీసుకుని ఏప్రిల్ బొమ్మ, అక్టోబర్ బొమ్మ పక్కపక్కన పెట్టుకోమనండి. నీళ్లు ఎంత వెనక్కి వెళ్లాయి, బయటపడ్డ నేలమీద సాగు చేశారా, కొత్తగా దారి ఏమైనా పడిందా, ఇలా ఒక పేజీ రాయాలి, రాసేటప్పుడు ప్రతి వాక్యానికీ పక్కన ఇది కళ్లతో చూసిందా, ఊహించిందా, ఎంత గట్టిగా చెప్పగలను అని రాయాలి. తర్వాత బండి మీద వెళ్లి అక్కడి రైతుల్ని, చేపలు పట్టేవాళ్లని అడిగి తన పేజీలో ఎన్ని తప్పులున్నాయో చూసుకోవాలి. ఆ తప్పులు దొరికినప్పుడు ఇంకా వెతకాలనిపిస్తే సీడీఎస్ ఫామ్ నింపమనండి, విసుగొస్తే మాత్రం బలవంతం చేయొద్దు, థర్డ్ ఇయరే కదా, వేరేవాటికి ఇంకా టైమ్ ఉంది.