ల్యాబ్ స్టాక్ రిజిస్టర్‌లో ఉన్నదానికీ బీరువాలో ఉన్నదానికీ పొంతన లేకపోతే వార్షిక వెరిఫికేషన్ ఎలా చేయాలి?

ప్రశ్న: జడ్పీ హైస్కూల్‌కు ఈ ఏడాదే ఫిజికల్ సైన్స్ టీచర్‌గా బదిలీపై వచ్చాను. పాత స్టాక్ రిజిస్టర్ లెక్క అసలు సరిపోవడం లేదు. సెలవులిచ్చేలోపు వెరిఫికేషన్ సంతకం పెట్టమని హెచ్‌ఎం గారు అంటున్నారు. కండిషన్, లొకేషన్ కాలమ్‌లు ఏం చూసి నింపాలి?

జవాబు:

ముందుగా పాత రిజిస్టర్‌ను దిద్దకండి. వైట్నర్ అసలు వద్దు. పాత అంకె తప్పని తెలిసినా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, తేదీతో పొట్టి సంతకం పెట్టండి. కింద ఏముందో కనబడాలి.

లెక్కను రెండు వైపుల నుంచీ చూడాలి. మొదట రిజిస్టర్ చదువుతూ వస్తువు వెతకండి, తర్వాత బీరువాలో ఒక్కో అరా చూస్తూ ఆ వస్తువు రిజిస్టర్‌లో ఉందో లేదో చూడండి. చాలామంది మొదటిదే చేస్తారు. మా స్కూల్లో రెండోసారి చూసినప్పుడు ఎక్కడా రాయని రెసిస్టెన్స్ బాక్స్‌లు రెండు దొరికాయి. ఏదో కిట్‌తో వచ్చుంటాయి, ఇన్‌వాయిస్ మాత్రం లేదు. అలాంటివి వెనక తేదీ వేయకుండా, ఇవాళ్టి తేదీతోనే ‘తనిఖీలో దొరికినవి’ అని స్టాక్‌లోకి ఎక్కించాలి.

కండిషన్ విషయానికొస్తే, చూసి రాసే ‘బాగుంది’ దేనికీ పనికిరాదు. మా అమ్మీటర్ల సంగతే చెబుతాను. పుస్తకంలో 12 ఉన్నాయి. బ్రేకేజ్ రిజిస్టర్‌లో ఒక్కటి కూడా పోయినట్టు లేదు, ల్యాబ్‌లో మాత్రం 11 దొరికాయి. ఒక్కోటీ పరీక్షిస్తే పొద్దు గూకుతుందని, నాలుగేసి చొప్పున శ్రేణిలో కలిపి, బ్యాటరీ ఎలిమినేటర్, రియోస్టాట్ పెట్టి ముల్లు 1 ఆంపియర్ దగ్గరకు తెచ్చాం. శ్రేణిలో కరెంటు అన్నిటికీ ఒకటే కాబట్టి, అన్ని ముళ్లూ ఒకే చోట నిలబడాలి. ఏది తేడాగా చూపిస్తే అది అనుమానాస్పదం. ఏ ముల్లూ కదలకపోతే కంగారు పడకండి, ఏదో ఒకదానిలో కరెంటు దారి తెగి ఉంటుంది. ఒక్కొక్కటీ తీసేసి వైరు కలుపుతూ పోతే అది బయటపడుతుంది. వోల్టుమీటర్లకైతే ఇదే పని సమాంతరంగా కలిపి చేయాలి.

తేలింది ఇదీ: 7 పనిచేస్తున్నాయి, 3 రిపేరుకు పోవాలి (ముల్లు సున్నాకి తిరిగి రావడం లేదు), 1 కాయిల్ కాలి పనికిరానిది. పన్నెండోది బీరువా పైన, పాత సైన్స్ ఫెయిర్ మోడల్ చెక్కకు స్క్రూలతో బిగించి కనబడింది! షార్టేజ్ రాయబోయే ముందు ఇలాంటి అట్టలూ చెక్కలూ ఒకసారి తిప్పి చూడండి. దాన్ని విప్పి పరీక్షిస్తే పనిచేసింది. అలా 8, 3, 1 కలిపి 12కి లెక్క కుదిరింది. రిజిస్టర్‌లో ఒకే వరుసలో ‘12’ అని కాకుండా ఈ మూడు అంకెలూ విడిగా రాయండి. రేపు ప్రయోగానికి ఎన్ని గ్రూపులు వేయవచ్చో చెప్పేది ఆ 8 మాత్రమే.

పనికిరానిదాన్ని మనంతట మనం కొట్టేయకూడదు. కండెమ్ చేసే అధికారం ఉన్నవాళ్ల ఉత్తర్వు వచ్చేదాకా అది స్టాక్‌లోనే ఉండాలి. వేరే పెట్టెలో పెట్టి చీటీ అంటించండి.

లొకేషన్‌కు ‘సైన్స్ ల్యాబ్’ అని రాస్తే వెతికేవాడికి ఒరిగేదేమీ లేదు. ‘బీ-2, అర-3’ అని రాసి, అరకు అదే నంబరు పెయింట్‌తో వేయండి. ఈ కాలమ్ నింపేటప్పుడు ఒక సంగతి బయటపడుతుంది. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం సీసా ఉన్న బీరువాలోనే మీటర్లు ఉంటే టెర్మినళ్లు తుప్పు పడతాయి. మా 3 మీటర్ల బాధ అదేనని నా అనుమానం, స్క్రూలన్నీ పచ్చగా పేరుకుపోయి ఉన్నాయి. ఆమ్లాలను విడిగా, కింది అరలో పెట్టండి. అమ్మోనియా సీసాను వాటి పక్కన ఉంచకండి. టెస్ట్ ట్యూబులు, రసాయనాలు ఖర్చయ్యే సరుకు కాబట్టి వాటికి వేరే పేజీలు చాలు.

ఇక సంతకం. స్టాక్ మీ చేతిలో ఉంటే లెక్కపెట్టేవారు వేరొకరు కావాలి, మీరు పక్కన ఉండాలి. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు 2017లోని 213వ నియమం కూడా, స్టాక్ బాధ్యుడి సమక్షంలో ఏడాదికి కనీసం ఒకసారి తనిఖీ చేసి, తేలినది రిజిస్టర్‌లో రాయాలంటుంది. మనకు రాష్ట్ర నియమాలే వర్తిస్తాయి గానీ, పద్ధతి ఇదే. మాకు బయాలజీ మేడమ్ లెక్కపెట్టారు. చివరి ఎంట్రీ కింద గీత గీసి, తేదీ వేసి, ‘భౌతికంగా తనిఖీ చేయడమైనది, తేడాలు ఫలానా పేజీలో’ అని రాశాం. లెక్కపెట్టినవారు, స్టాక్ బాధ్యులు, హెచ్‌ఎం ముగ్గురూ సంతకం చేశారు.

మీరు కొత్తగా చార్జ్ తీసుకున్నారు కాబట్టి, పాత తేడాలు మీ మెడకు చుట్టుకోకుండా ‘చార్జ్ తీసుకున్ననాటికే ఉన్న తేడాలు’ అని విడి పేజీలో వస్తువులవారీగా రాసి, హెచ్‌ఎం గారికి కాపీ ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ‘అన్నీ సరిగా ఉన్నాయి’ అని ఒక్క ముక్కలో రాయమంటే, ఆ పేజీ నంబరు వేసి మాత్రమే సంతకం చేయండి.