పొద్దున సీరమ్, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్: ఏది ముందు, ఏది తర్వాత?

"పొద్దున ఫేస్‌వాష్, విటమిన్ సి సీరమ్, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ ఈ వరసలోనే రాస్తున్నాను. అయినా సన్‌స్క్రీన్ రాసేసరికి తెల్లగా పొట్టులా లేచి రాలిపోతోంది. ఆర్డర్ తప్పా? మధ్యలో ఎంతసేపు ఆగాలి? ఆఫీసుకు పరిగెత్తే టైమ్‌లో ఇదంతా ఎలా? నాది జిడ్డు చర్మం, ఉండేది విజయవాడ."

వరస సరిగ్గానే ఉందండీ, దాన్ని మార్చకండి. పొట్టులా లేవడానికి వేరే కారణాలున్నాయి. మా ఇంట్లోనూ ఇదే గోల నడిచింది, చెబుతాను.

ముందు ఫేస్‌వాష్ సంగతి. రాత్రి శుభ్రంగా కడుక్కుని పడుకుంటే పొద్దున మెత్తని ఫేస్‌వాష్ కొంచెం చాలు. కడిగాక ముఖం బిగుసుకుపోయినట్టు అనిపిస్తే అది మీకు ఘాటైనదని అర్థం. దాని మీద విటమిన్ సి రాస్తే మంట పుడుతుంది. సీరమ్ రాసే రోజుల్లో శనగపిండితో రుద్దడం, స్క్రబ్ వాడటం కూడా వద్దు.

తర్వాత టవల్‌తో అద్దుకుని, చర్మం పూర్తిగా ఆరాక సీరమ్. ఇది మాయిశ్చరైజర్ కంటే ముందే ఎందుకంటే, అసలు విటమిన్ సి, అంటే సీసా మీద ఎల్-ఆస్కార్బిక్ యాసిడ్ అని ఉండేది, చర్మంలోకి దిగాలంటే ఆమ్లగుణం బాగా ఉండాలి. పీహెచ్ 3.5 కంటే తక్కువ ఉన్నప్పుడే అది సరిగ్గా లోపలికి వెళ్తుంది. ముందే క్రీమ్ రాసేస్తే సీరమ్‌కీ చర్మానికీ మధ్య అడ్డు పెట్టినట్టే. ముఖానికీ మెడకూ కలిపి మూడు నాలుగు చుక్కలు సరిపోతాయి. ఎక్కువ పోస్తే ఎక్కువ మెరుపు రాదు, పైన జిగురు మిగులుతుంది, ఆ జిగురే తర్వాత పొట్టుగా లేస్తుంది. శాతం విషయంలోనూ అంతే. 10 నుంచి 20 మధ్య ఉంటే చాలు, 20 దాటితే లాభం పెరగదు, చురుకు మాత్రం పెరుగుతుంది.

సీరమ్ రాశాక పావుగంట, ఇరవై నిమిషాలు ఆగాలని కొందరు చెబుతారు. నేనైతే అంతసేపు ఆగను. వేలితో బుగ్గ తాకితే అంటుకోకుండా ఉంటే చాలు. మామూలుగా ఒకటి రెండు నిమిషాల్లో ఆరిపోతుంది. మే నెలలో మన ఉక్కపోతకు ఇంకొంచెం పడుతుంది, ఫ్యాన్ కింద నిలబడండి. నేను సీరమ్ రాసుకుని టిఫిన్ బాక్స్ సర్దుతాను, ఆ పని అయ్యేలోపు ఆరిపోతుంది.

ఒక్కసారి సీరమ్ రంగు కూడా చూసుకోండి. తెల్ల టిష్యూ మీద ఒక చుక్క వేయండి. నీళ్లలా ఉన్నా, లేత పసుపున్నా వాడొచ్చు. ముదురు నారింజకో గోధుమ రంగుకో తిరిగితే గాలి, వెలుతురు, వేడి తగిలి చెడిపోయినట్టే. బాత్రూమ్ అరలో గీజర్ పక్కన పెట్టే వాళ్లకు త్వరగా ఇలా అవుతుంది. మన ఎండాకాలంలో మూత గట్టిగా బిగించి ఫ్రిజ్ తలుపు అరలో పెట్టుకోవడం మేలు.

ఇక మాయిశ్చరైజర్. మీ సమస్య ఎక్కువగా ఇక్కడే ఉండొచ్చు.

మా చెల్లికి అచ్చం ఇలాగే అయ్యేది. సన్‌స్క్రీన్ రాయగానే గడ్డం పక్కనా, కణతల దగ్గరా రబ్బరుతో చెరిపితే వచ్చే తుక్కులా ఉండలు. సన్‌స్క్రీన్ బాగాలేదని పారేయబోయింది. ఆదివారం ఇంట్లో ఉన్నప్పుడు అద్దం ముందు కూర్చోబెట్టి ముఖాన్ని రెండు సగాలు చేశాం. ఎడమ బుగ్గకు సీరమ్, దాని మీద సన్‌స్క్రీన్. కుడి బుగ్గకు సీరమ్ లేకుండా మాయిశ్చరైజర్, దాని మీద అదే సన్‌స్క్రీన్. ఎడమవైపు ఏమీ లేవలేదు. కుడివైపు వేలు పెట్టగానే ఉండలు కట్టాయి. అంటే సీరమ్ తప్పు కాదు, ఆ క్రీముకూ సన్‌స్క్రీన్‌కూ పడటం లేదు. క్రీము డబ్బా వెనక చూస్తే పదార్థాల జాబితాలో పైనే డైమెథికోన్ ఉంది, అది సిలికోన్. దానితో పాటు చిక్కదనం కోసం వేసే జిగురు పదార్థాలు. ఇలాంటివి చర్మంలోకి ఇంకవు, పైన పొరలా నిలుస్తాయి. ఆ పొర ఆరకముందే ఇంకో పొర వేసి రుద్దితే రెండూ కలిసి చుట్టుకుని లేస్తాయి. అలాగని సిలికోన్ చెడ్డదేం కాదు, చాలా సన్‌స్క్రీన్లలోనూ అదే ఉంటుంది. జోడీ కుదరాలి, అంతే. చెల్లి పల్చటి జెల్ మాయిశ్చరైజర్‌కు మారింది, అదీ శనగగింజంత. ఆ తర్వాత ఉండలు రాలేదు.

మీరూ అదే పరీక్ష చేసుకోండి. సీరమ్ వైపు లేస్తే చుక్కలు తగ్గించండి, లేదా ఇంకాసేపు ఆరనివ్వండి. క్రీము వైపు లేస్తే క్రీము మార్చండి. రెండు వైపులా లేస్తే సన్‌స్క్రీనే మార్చాలి. జిడ్డు చర్మానికి విజయవాడ ఎండాకాలంలో విడిగా మాయిశ్చరైజర్ లేకపోయినా నడుస్తుంది, చాలా సన్‌స్క్రీన్లకు తేమ పట్టే గుణం ఎలాగూ ఉంటుంది. రోజంతా ఏసీలో కూర్చుని ముఖం పొడిబారితే మాత్రం మానొద్దు.

సన్‌స్క్రీన్ ఎప్పుడూ ఆఖరున, మేకప్ వేసుకుంటే దానికి ముందు. అది చర్మం మీద తెగకుండా పరుచుకుంటేనే పని చేస్తుంది. పైన ఇంకో క్రీము రుద్దితే ఆ పొర చెదురుతుంది. టైమ్ కలిసొస్తుందని అరచేతిలో రెండూ కలిపి రాసేవాళ్లున్నారు, అది అసలు వద్దు. ఎస్‌పీఎఫ్ 50లో సగం మాయిశ్చరైజర్ కలిపితే ఎంత రక్షణ మిగిలిందో ఎవరూ చెప్పలేరు. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా ఒక్కో గీత గీస్తే ముఖానికీ మెడకూ సరిపడా వస్తుంది. అంతా ఒకేసారి పులమకుండా ఒక గీత ముందు, నిమిషం ఆగి రెండోది. రుద్దకుండా అద్దుతూ పరచండి. మా చెల్లికి ఉండలు పోవడంలో దీనికీ సగం వాటా ఉంది.

ఎండలోకి వెళ్లడానికి పావుగంట ముందు రాస్తే బాగుంటుంది. ఎండలోనే తిరిగే పనైతే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. పొద్దున విటమిన్ సి రాశాం కదా అని ఇది తప్పించడానికి లేదు. ఎండ వల్ల జరిగే నష్టాన్ని సీరమ్ కొంత తగ్గిస్తుందే కానీ, ఎండను ఆపదు. మంగు మచ్చలుంటే ఐరన్ ఆక్సైడ్స్ ఉన్న లేత రంగు సన్‌స్క్రీన్ చూసుకోండి. ఆ మచ్చల్ని కంటికి కనిపించే వెలుతురు కూడా ముదురు చేస్తుంది, తెల్ల సన్‌స్క్రీన్లు చాలావరకు దాన్ని ఆపవు.

సీరమ్ రాసిన కాసేపటికి తగ్గిపోయే చురుకు మామూలే. ఎర్రబడి, ఆ మంట గంటల తరబడి ఉంటే మాత్రం ఆపేసి, ఇథైల్ ఆస్కార్బిక్ యాసిడ్ లాంటి మెత్తని రకం చూడండి. అది కూడా పడకపోతే చర్మ డాక్టర్‌కు చూపించండి. రకం మారినా వరస ఇదే.

ఇంకో మాట. సన్‌స్క్రీన్ ఆరాకే తెల్ల చున్నీ వేసుకోండి. అవోబెంజోన్ ఉన్నవాటి మరకలు, ఇనుము ఉన్న బోరు నీళ్లలో ఉతికితే తుప్పు రంగుకు తిరుగుతాయి. అప్పుడు బ్లీచింగ్ వేస్తే ఇంకా ముదురుతాయి.