ట్రీమ్యాప్‌లో పక్కపక్క డబ్బాలు

మా పంచాయతీ బడ్జెట్ ట్రీమ్యాప్‌లో పారిశుధ్యం ఎక్కువా, వీధి దీపాలు ఎక్కువా? చూస్తే తెలుస్తలేదు.

కంటిచూపుతో తేల్చలేం. ట్రీమ్యాప్ అంటే మొత్తాన్ని వాటాల ప్రకారం డబ్బాలుగా పంచి చూపే బొమ్మ, ఇక్కడ వాటా అంటే డబ్బా వైశాల్యం, పొడవు కాదు. నల్గొండ పక్కన ఒక ఊరే అనుకుందాం, మొత్తం బొమ్మ 10 సెంటీమీటర్ల చదరం, అంటే వైశాల్యం 100 చదరపు సెంటీమీటర్లు. పారిశుధ్యం డబ్బా 7 పొడవు, 2 వెడల్పు ఉంటే 14 శాతం. వీధి దీపాలది 4 పొడవు, 3.25 వెడల్పు ఉంటే 13 శాతం. ఒకటి సన్నగా, ఇంకొకటి బొద్దుగా ఉంది కాబట్టి కొందరికి పొడుగుదే చాలా పెద్దగా అనిపిస్తుంది, కొందరికి బొద్దుదే, కానీ అసలు తేడా ఒక్క శాతమే. స్కేలు పెట్టి గుణించొచ్చు గానీ అంత తిప్పలెందుకు, డబ్బాలోనే శాతం రాయించండి. లేదంటే ఆ రెండింటికీ బార్ చార్ట్ గీయండి, రెండూ ఒకే గీత మీంచి లేస్తాయి కాబట్టి ఏది ఎత్తో కనబడుతుంది. జీతాలకే సగం పోతోందా అన్నంత పెద్ద తేడాలకైతే ట్రీమ్యాప్ చాలు.