సగటులోంచి ఒక్కరి మార్కు బయటపడే తీరు

"మా మేనేజరుకు మార్కులు వేయమంటున్నారు. పేర్లు బయటికి రావని హెచ్.ఆర్. వాళ్లు అంటున్నారు. మేం ఆరుగురమే, ఎవరు ఎంత వేశారో ఆయనకు తెలిసిపోదా?"

పేరు కనపడకపోయినా తెలిసిపోవచ్చు. నా విషయంలో అదే జరిగింది.

అప్పట్లో మా టీమ్‌లోనూ ఆరుగురమే. కనీసం ఐదుగురు జవాబిస్తే గాని రిపోర్టు తెరుచుకోదన్న నియమాన్ని నమ్మి అందరం నిర్భయంగా మార్కులు వేశాం. గడువు నాటికి ఐదుగురు పూర్తి చేశారు, సెలవులో ఉన్న నేనొక్కడినే మిగిలాను. "మీ టీమ్‌లో ఇంకా ఒకరు పూర్తి చేయలేదు" అని మేనేజరుకు మెయిల్ వెళ్లింది. ఆ రోజు ఆయన చూసిన రిపోర్టులో "మా అభిప్రాయాలు వింటారు" అన్న అంశానికి సగటు 5కు 3.8 ఉంది. గడువు పొడిగించాక నేనూ పూర్తి చేయడంతో అది 3.5కు దిగింది. ఐదుగురి మార్కుల మొత్తం 19, ఆరుగురిది 21, అంటే నేను వేసింది 2. మర్నాడు ఆయన నన్ను విడిగా పిలిచి, "నేను మీ మాట ఎప్పుడు వినలేదో చెప్పండి" అని అడిగారు. అప్పటికి అప్రైజల్ ఇంకా ముగియలేదు. ఆ ఏడాది నా రేటింగ్ ఒక మెట్టు తగ్గింది. కారణం ఇదేనని రుజువు చేయలేను గాని, నాకు మాత్రం సందేహం లేదు.

అందుకే ఇప్పుడు ఫారం తెరిచే ముందే హెచ్.ఆర్.ను రెండు విషయాలు అడుగుతాను. రిపోర్టు గడువు ముగిశాక ఒక్కసారే ఇస్తారా, ఆ తర్వాత వచ్చిన జవాబులను అందులో కలపకుండా ఉంటారా అన్నది మొదటిది. మా రేటింగులు ఖరారై, మార్చే వీలు లేకుండా పోయాకే మేనేజరు చేతికి రిపోర్టు వెళ్తుందా అన్నది రెండోది. నా దృష్టిలో ఈ రెండోదే అన్నిటికంటే గట్టి రక్షణ, ఎందుకంటే మనిషిని గుర్తుపట్టినా అప్పటికప్పుడు దెబ్బతీసే సాధనం ఆయన చేతిలో ఉండదు. ఎవరికి వారికి వేరే లింకు పంపే సర్వేను అజ్ఞాతమని పిలవడం నాకు ససేమిరా నచ్చదు. అక్కడ పేరును మేనేజరుకు చూపకపోవచ్చు గాని, ఏ జవాబు ఎవరిదో సర్వే నడిపేవారికి తెలుసుకునే వీలుంటుంది.

వ్యాఖ్యల పెట్టె మార్కుల కంటే ప్రమాదకరం. "గత మంగళవారం క్లయింటు ముందు నన్ను మందలించారు" అని రాస్తే సంతకం చేసినట్టే. అదే విషయాన్ని, టీమ్‌లో కనీసం ముగ్గురికి ఎదురైనదైతేనే, "తప్పులను ఇతరుల ముందు కాక విడిగా చెబితే బాగుంటుంది" అని రాస్తాను. నా ఒక్కడికే ఎదురైనదైతే ఎంత బాధ కలిగించినా ఆ ఫారంలో రాయను, మేనేజరు పైఅధికారితో ముఖాముఖి మాట్లాడతాను. రాసిన వ్యాఖ్యలను ఉన్నవి ఉన్నట్టుగా మేనేజరుకు అందిస్తామని హెచ్.ఆర్. చెబితే, ఆ పెట్టె ఖాళీగానే వదిలేస్తాను.