నిన్నటి ధర కాదు, నిరుటి ధర చూడండి

ప్రశ్న: నేను పలాసలో ఒక జీడిపప్పు పరిశ్రమలో లెక్కలు రాస్తాను. జీతం రూ.28,000, ఇంటి ఖర్చు రూ.21,000. బ్యాంకులో రూ.70,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. రూ.64,990 ఎమ్మార్పీ ఉన్న టన్నున్నర ఏసీ ఉగాది ఆఫర్లో 44 శాతం తగ్గింపుతో రూ.36,490కి వస్తోంది. మొన్నటిదాకా రూ.41,990 ఉండడం నా కళ్లతో చూశాను కాబట్టి తగ్గింపు నిజమే. ఆఫర్ రేపటితో అయిపోతుంది. డిపాజిట్ కదపకుండా, ఒక యాప్‌లో రూ.36,000 అప్పు నెలకు 2.5 శాతం వడ్డీకి 12 నెలల గడువుతో తీసుకుని కొనేయవచ్చా?

జవాబు: ఆ అప్పు తీసుకోవద్దు. రేపటిలోగా ఏసీ కొనవలసిన అవసరం కూడా లేదు. మీరు అజాగ్రత్త మనిషి కారు. కొనేముందు పాత ధరతో పోల్చి చూశారు. అయితే ఆ పోలిక పది పన్నెండు రోజుల వెనక్కి మాత్రమే వెళ్లింది. జాగ్రత్తపరులు కూడా ఇక్కడే మోసపోతున్నారు కనుకనే మీ ఉత్తరానికి వివరంగా జవాబు రాస్తున్నాను.

ముందుగా ఎమ్మార్పీని పక్కన పెట్టండి. అంతకు మించి అమ్మకూడదని తయారీదారు తానే ముద్రించుకునే అంకె అది. ఆ ధరకు ఎవరైనా ఎప్పుడైనా కొన్నారని దాని అర్థం కాదు. ఏడాది పొడవునా రూ.37 వేలకు దగ్గర్లో అమ్ముడయ్యే వస్తువు మీద రూ.64,990 అని ముద్రించి ఉంటే, ఏ రోజున చూసినా నలభై శాతానికి పైగా తగ్గింపే కనిపిస్తుంది.

మీరు పంపిన మోడల్ నంబరుతో నేను ఏడాది ధరల గ్రాఫ్ చూశాను. ఆ పని మీరే చేసుకోవచ్చు. వస్తువు పేజీ లింకును కాపీ చేసి, అమెజాన్ అయితే Keepa అనే ధరల ట్రాకర్‌లోనూ, ఫ్లిప్‌కార్ట్ అయితే BuyHatke అనే ట్రాకర్‌లోనూ అతికించి, కాలాన్ని ఒక నెలకు కాక ఒక సంవత్సరానికి పెట్టి చూడండి. మోడల్ నంబరును అక్షరం అక్షరం సరిపోల్చుకోండి, ఎందుకంటే చివర ఒక్క అక్షరం మారినా అది వేరే వస్తువే కావచ్చు. గ్రాఫ్‌లో అన్నిటికంటే కింది బిందువును వెతకకండి. అది కొన్ని గంటలపాటు కొద్ది సరుకుకే ఇచ్చిన ధర కావచ్చు. గీత ఎక్కువ రోజులు ఏ ఎత్తులో నిలకడగా సాగిందో చూడండి. అదే ఆ వస్తువు అసలు ధర.

మీ ఏసీ గీత నిరుడు వేసవి నుంచి సెప్టెంబరు దాకా రూ.39,990 దగ్గర నిలిచి ఉంది. సెప్టెంబరు చివరి వారంలో ఒక మెట్టు దిగి రూ.36,890 అయింది. నవంబరులో రెండు వారాలు రూ.33,990కి తగ్గి, తిరిగి పాత మెట్టుకే వచ్చింది. ఈ ఆఫర్ మొదలు కావడానికి పన్నెండు రోజుల ముందు ఒక్కసారిగా రూ.41,990కి ఎగబాకి, ఆఫర్ రోజున రూ.36,490కి దిగింది. మీరు కళ్లతో చూసిన ధర ఆ పన్నెండు రోజుల గుట్ట మీదిది. ఐరోపా సమాఖ్యలో 2022 మే నుంచి, తగ్గింపు ప్రకటించే వ్యాపారి అంతకు ముందరి ముప్పై రోజులలోని అతి తక్కువ ధరనే పాత ధరగా చూపాలి. ఆ కొలతతో చూస్తే మీకు దక్కేది రూ.5,500 కాదు, రూ.400 మాత్రమే.

సెప్టెంబరులో దిగిన మెట్టు కూడా తగ్గింపు కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పాత ధర రూ.39,990ని 1.28తో భాగించి 1.18తో గుణించండి, సుమారు రూ.36,870 వస్తుంది. అంటే అమ్మకందారు తన వైపు నుంచి దాదాపు ఏమీ వదులుకోలేదు, పన్ను తగ్గిన మేరకే ధర తగ్గింది. ఆ తేదీకి ముందరి ధరను చూపి ఏసీని గానీ, 32 అంగుళాలకు పైబడిన టీవీని గానీ "ఇంత తగ్గించాం" అని ఎవరైనా చెబితే, ముందు ఈ లెక్క వేసుకోండి. ఫ్రిజ్‌లకూ వాషింగ్ మెషీన్లకూ అప్పటికే 18 శాతం పన్నే ఉన్నందున ఈ సవరణ వాటికి వర్తించదు.

గ్రాఫ్‌లో కనిపించనివీ ఉన్నాయి. బ్యాంకు కార్డు మీద ఇచ్చే తగ్గింపు, పాత వస్తువు మార్పిడి విలువ సాధారణంగా అందులోకి రావు. ఏసీ బిగింపు ఖర్చు, అదనపు రాగి గొట్టం ఖర్చు కూడా రావు. కొత్తగా పెట్టిన మోడల్‌కు చరిత్రే ఉండదు కనుక, అలాంటిదానిపై ప్రకటించే తగ్గింపును నేను లెక్కలోకి తీసుకోను.

ఇక అప్పు సంగతి. నెలకు 2.5 శాతం వడ్డీని మొదటి అసలు మొత్తం మీదనే పన్నెండు నెలలూ వేస్తే నెల వాయిదా రూ.3,900, మొత్తం వడ్డీ రూ.10,800 అవుతుంది. మీరు నెలనెలా అసలు తీరుస్తూనే ఉంటారు కాబట్టి నిజమైన వార్షిక రేటు 50 శాతం దాటుతుంది. నాలుగు వందల తగ్గింపు కోసం పదివేల ఎనిమిది వందల వడ్డీ కట్టే అప్పును నేను ఏ పరిస్థితిలోనూ సమర్థించను. యాప్ ఏ రేటు చెప్పినా, రుణదాత మీకు ఇవ్వవలసిన కీలక వాస్తవాల పత్రంలో వార్షిక శాతం రేటు ఎంత రాసి ఉందో అదే చూడండి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మీ అత్యవసర నిధి. డిపాజిట్‌ను కదపకూడదనుకోవడం మంచి ఆలోచనే, కాని అది మీ ఇంటి ఖర్చుకు మూడు నెలల పైచిలుకు మాత్రమే సరిపోతుంది. జీడిపిక్కలు సరిగా అందక పని తగ్గితే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మీ పలాస దగ్గరే తీరం దాటి, ఉద్దానం జీడితోటలనూ కొబ్బరితోటలనూ నేలమట్టం చేసింది. అలాంటి విపత్తు వచ్చిన నెలలో కూడా యాప్ వాయిదా ఆగదు. జీడి మీద బతికే కుటుంబానికి ఆరు నెలల ఖర్చు, అంటే రూ.1,26,000 చేతిలో ఉండాలి. మీకు నెలకు మిగిలే రూ.7,000ని ఏప్రిల్ నుంచి రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే, నవంబరు నాటికి ఎనిమిది నెలలలో రూ.56,000 చేరి ఆ మొత్తం పూర్తవుతుంది. ఏసీ కోసం దాచడం దాని తరువాతే మొదలుపెట్టాలి.

ఈ వేసవి ఫ్యానుతో గడపడం కష్టమని నాకు తెలుసు. ఇంట్లో వృద్ధుల కోసమో పసిపిల్లల కోసమో ఏసీ తప్పనిసరి అయితే, మీ డిపాజిట్ మీదనే బ్యాంకులో రుణం తీసుకోండి; దాని వడ్డీ డిపాజిట్ రేటు కంటే సాధారణంగా ఒకటి రెండు శాతమే ఎక్కువ ఉంటుంది. అప్పుడు కూడా రేపటి గడువును పట్టించుకోకుండా, ధర రూ.35,000 కంటే తగ్గితే కబురు వచ్చేలా ట్రాకర్‌లో హెచ్చరిక పెట్టుకుని, శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గరి దుకాణాలలో బిగింపుతో కలిపి చివరి ధర ఎంతో రాయించుకుని రండి. దుకాణం ధరలకు గ్రాఫ్ ఉండదు కనుక, నిరుడు అదే మోడల్ కొన్న తోటి ఉద్యోగి ఎవరైనా ఉంటే వారి బిల్లు అడిగి చూడండి. అది సెప్టెంబరు 22కు ముందరి బిల్లు అయితే పైన చెప్పిన పన్ను లెక్క వేశాకే పోల్చండి.