కారం పొడి యూనిట్‌కు సొంత సొమ్మెంత, అప్పెంత, వాటా ఎంత?

ప్రశ్న: గుంటూరు దగ్గర అద్దె షెడ్డులో కారం పొడి తయారీ యూనిట్ పెట్టాలనుకుంటున్నాను. యంత్రాలకు 16 లక్షలు, షెడ్డు పనులకు, కరెంటుకు 4 లక్షలు అవుతుంది. ఏడాదికి 60 లక్షల అమ్మకాలు అంచనా వేశాం. నా దగ్గర 9 లక్షలు ఉన్నాయి. హైదరాబాదులో ఉద్యోగం చేసే మా బావ 10 లక్షలు పెట్టి 30 శాతం వాటా అడుగుతున్నాడు. 7 లక్షల సబ్సిడీ వస్తుంది కాబట్టి సొంత డబ్బు పెద్దగా అక్కర్లేదని కన్సల్టెంట్ అంటున్నారు. బ్యాంకు మేనేజరు మాత్రం ఈ పాళ్లే ఎందుకో రాసి తెమ్మన్నారు. ఏమని రాయాలి?

జవాబు: ముందుగా సబ్సిడీని మీ నిధుల పట్టికలోంచి తీసివేయండి. కన్సల్టెంట్ చెబుతున్నది 2020లో కేంద్రం ప్రారంభించిన సూక్ష్మ ఆహార పరిశ్రమల పథకం (పీఎంఎఫ్ఎంఈ) గురించే అయితే, అర్హమైన ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు ఇస్తారన్న మాట నిజమే. మీ 20 లక్షలకు 7 లక్షలన్న లెక్కా సరిపోతుంది. అయితే ఆ సొమ్ము మీ చేతికి రాదు. బ్యాంకులోనే విడి ఖాతాలో ఉంటుంది. అప్పు చివరి విడత విడుదలైన నాటి నుంచి మూడేళ్ల తరువాత, ఖాతా సక్రమంగా ఉండి యూనిట్ నడుస్తూ ఉంటేనే అప్పులో జమ అవుతుంది. కాబట్టి దానితో యంత్రాల వాడికి బిల్లు కట్టలేరు, మిరపకాయలు కొనలేరు. పథకం గడువు, నిధుల లభ్యత, సబ్సిడీ మేరకు అప్పుపై ఈ మూడేళ్లూ వడ్డీ పడుతుందా లేదా అన్నవి బ్యాంకును అడిగి తెలుసుకోండి. అప్పు మంజూరు కాకముందే యంత్రాలు కొంటే ఆ ఖర్చు సబ్సిడీ లెక్కలోకి రాకపోయే ప్రమాదం కూడా ఉంది.

ఇక అసలు అవసరం 20 లక్షలతో ఆగదు. చిన్న పరిశ్రమలకు నిర్వహణ పెట్టుబడిని బ్యాంకులు సాధారణంగా అమ్మకాల్లో 25 శాతంగా లెక్కిస్తాయి. అందులో అమ్మకాల్లో 20 శాతం మేర అవి ఇస్తే, మిగతా 5 శాతం మీరు తేవాలి. మీ 60 లక్షలకు అది 15 లక్షలు: బ్యాంకు క్యాష్ క్రెడిట్‌గా ఇచ్చేది 12, మీరు తేవలసిన మార్జిన్ 3. లైసెన్సులు, షెడ్డు అడ్వాన్సు, పరీక్షల ఫీజులకు మరో లక్ష వేసుకుంటే మొత్తం 36 లక్షలు కావాలి.

మిరప వ్యాపారంలో ఈ 15 లక్షల అంకె మోసపుచ్చుతుంది. అది ఏడాది పొడవునా సరుకు సమానంగా తిరిగే వ్యాపారానికి సరిపోయే సూత్రం. మిరపకాయ మాత్రం ఫిబ్రవరి నుంచి మే వరకే ముమ్మరంగా యార్డుకు వస్తుంది. అమ్మకం ధరలో కాయ ఖర్చు 65 శాతం అనుకుంటే మీకు ఏడాదికి దాదాపు 39 లక్షల కాయ కావాలి. ధర తక్కువగా ఉన్నప్పుడే మొత్తం కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టాలన్న ఆశ పుట్టడం సహజమే కానీ, ఆ ఆశతోనే కొందరు యంత్రాల కోసం ఇచ్చిన అప్పులోంచి సరుకు కొని, ఆపై వాయిదాలు కట్టలేక ఇబ్బంది పడతారు. మొదటి ఏడాది నాలుగు నెలల సరుకు, అంటే 13 లక్షలది మాత్రమే సీజనులో కొంటామని, మిగతాది నెలనెలా కోల్డ్ స్టోరేజీ సరుకు నుంచి ఆనాటి ధరకు తీసుకుంటామని మీ పత్రంలో రాయండి. లాభం కొంత తగ్గుతుంది, అయినా ఆ తగ్గిన లాభంతోనే లెక్క వేయాలి.

యంత్రాల అప్పు ఎంత తీసుకోవాలన్నది అమ్మకాలు తగ్గిన ఏడాదిని చూసి తేల్చాలి. అన్ని ఖర్చులు, మీ ఇంటికి తీసుకునే సొమ్ము, క్యాష్ క్రెడిట్ వడ్డీ, పన్ను పోగా ఏడాదికి 5.5 లక్షలు మిగులుతాయని అనుకుందాం. 15 లక్షల టర్మ్ లోన్‌ను 11 శాతం వడ్డీతో ఆరేళ్లకు తీసుకుంటే నెల వాయిదా సుమారు 28,550, ఏడాదికి 3.43 లక్షలు. మిగులు వాయిదాలకు 1.6 రెట్లుంది, బాగానే కనిపిస్తుంది. అమ్మకాలు 15 శాతం తగ్గాయనుకోండి. కాయ, ప్యాకింగ్, రవాణా ఖర్చులు కలిసి అమ్మకం ధరలో 80 శాతం అయితే 9 లక్షల అమ్మకం పోవడం వల్ల 1.8 లక్షల మిగులు పోతుంది. మిగిలేది 3.7 లక్షలు, వాయిదాలకు 1.08 రెట్లు. అప్పును 13 లక్షలకు దించితే వాయిదా ఏడాదికి 2.97 లక్షలై, ఆ చెడ్డ ఏడాదిలో కూడా 1.25 రెట్లు నిలుస్తుంది. నా లెక్కలో అంతకన్నా ఎక్కువ అప్పు వద్దు.

అప్పుడు మీ వైపు నుంచి యంత్రాలకు, షెడ్డు పనులకు కలిపి 7, నిర్వహణకు 3, ప్రారంభ ఖర్చులకు 1, మొత్తం 11 లక్షలు కావాలి. మీ తొమ్మిదిలో లక్ష ఇంటి అవసరాలకు అట్టిపెట్టుకుంటే 3 లక్షలు తక్కువ పడతాయి.

బావగారు అడిగిన ధర అన్యాయమైనది కాదు. 10 లక్షలకు 30 శాతం అంటే ఇంకా మొదలు కాని యూనిట్‌కు, ఆయన సొమ్ము కాకుండానే, సుమారు 23 లక్షల విలువ కట్టినట్లు. మీరు పెట్టేది 8 లక్షలే కనుక ఆయన ఉదారంగానే ఉన్నారు. అయినా నేను వద్దంటాను, ఎందుకంటే మీకు కావలసింది 10 కాదు, 3 లక్షలు. వాటా ఇవ్వాలంటే భాగస్వామ్య సంస్థో కంపెనీయో పెట్టాలి, కంపెనీ అయితే ఏటా ఆడిట్, ఫైలింగుల ఖర్చు భరించాలి. ఆయన సొమ్ము వెనక్కి తీసుకోవాలనుకున్న రోజున కొనేవారెవరూ ఉండరు, మీరే కొనాలి. బదులుగా ఆయన 3 లక్షలను వడ్డీతో దీర్ఘకాలిక అప్పుగా ఇచ్చి, టర్మ్ లోన్ తీరేవరకు అసలు అడగనని బ్యాంకుకు లేఖ రాసిస్తే, చాలా బ్యాంకులు దాన్ని ప్రమోటరు సొమ్ముతో సమానంగా లెక్కిస్తాయి. 20,000 రూపాయలు, అంతకు మించిన అప్పు నగదుగా తీసుకోకూడదు కనుక ఖాతా నుంచి ఖాతాకే వేయించుకోండి. రెండో జిల్లాలో రెండో యూనిట్ పెట్టే రోజు వస్తే వాటా సంగతి అప్పుడు మాట్లాడవచ్చు.

మేనేజరుకిచ్చే పత్రం రెండు పేజీలు దాటనక్కర్లేదు. 36 లక్షలు ఎక్కడికి పోతున్నాయో, ప్రతి ఖర్చు ఎదుట ఏ సొమ్ము అన్నది మొదట పెట్టి, కొటేషన్లతో అంకెలు సరిపోయేలా చూడండి. తరువాత కారణాలు ఇలా రాయవచ్చు: "యంత్రాలు ఆరేళ్లకు పైగా పనిచేస్తాయి కనుక ఆరేళ్ల టర్మ్ లోన్ కోరుతున్నాం. అమ్మకాలు 15 శాతం తగ్గినా వాయిదాలకు 1.25 రెట్ల మిగులు ఉండాలన్న నియమం పెట్టుకుని అప్పును 13 లక్షలకు పరిమితం చేశాం. సబ్సిడీని నిధుల్లో చూపలేదు. అది రాకపోయినా వాయిదాలు చెల్లించగలం. వాటాకు పెట్టుబడి ఇస్తామన్న ప్రతిపాదనను పరిశీలించి, అవసరానికి మించినది కావడం వల్ల తీసుకోలేదు."

ఆ చివరి వాక్యాన్ని తీసివేయకండి. కాదనుకున్న దారిని కారణంతో సహా చూపినప్పుడే మిగతా పాళ్లు ఆలోచించి వేసినవని తెలుస్తుంది. మేనేజరు తరువాత తప్పక చూసేది మీ 8 లక్షల పుట్టుక. దరఖాస్తుకు వారం ముందు ఒక్కసారిగా జమ అయిన సొమ్ము అప్పు తెచ్చినదన్న అనుమానం తెస్తుంది. కనీసం ఆరు నెలల ఖాతా పత్రాలు, డిపాజిట్ రసీదులు జత చేయండి. ఇల్లు తాకట్టు పెట్టమంటే, చిన్న పరిశ్రమల అప్పులకు ప్రభుత్వ ట్రస్టు ఇచ్చే సీజీటీఎంఎస్ఈ హామీ కింద తాకట్టు లేకుండా పరిశీలించమని లిఖితపూర్వకంగా కోరండి. ఆ హామీకి ఏటా రుసుము ఉంటుంది, దాన్ని ఖర్చుల్లో వేసుకోండి.

అన్నీ సవ్యంగా నడిస్తే మూడేళ్ల నాటికి 13 లక్షల అప్పులో సుమారు 7.56 లక్షలు మిగిలి ఉంటాయి. సబ్సిడీ 7 లక్షలు అప్పుడు జమ అయితే టర్మ్ లోన్ దాదాపు తీరిపోతుంది, మిగిలిన కొద్దిదీ కట్టేశాక బావగారి 3 లక్షలు తీర్చవచ్చు.