ట్రైనింగ్ ప్రోగ్రామ్ పేరు ముందు మేనేజర్ చెవికి ఆనాలి

ప్రశ్న: మా కంపెనీలో వేలమంది పనిచేస్తారు. నేను ఈమధ్యే ఉద్యోగుల ట్రైనింగ్ చూసే ఎల్ అండ్ డీ టీమ్‌లోకి మారాను. కొత్త టీమ్ లీడ్‌ల ట్రైనింగ్‌కీ, ఒక మెంటరింగ్ ప్రోగ్రామ్‌కీ పేర్లు ఆలోచించమన్నారు. ఇప్పటిదాకా పెట్టిన పేర్లన్నీ జనానికి జోకులైపోయాయి. సీరియస్‌గా తీసుకునే పేరు ఎలా పెట్టాలి?

జవాబు:

చాలా ఏళ్లు ఇదే పనిలో ఉన్నాను కాబట్టి చూసింది చెప్తాను. పేరు పెట్టేటప్పుడు అందరూ ట్రైనింగ్‌కి వచ్చే ఉద్యోగిని ఊహించుకుంటారు, అతనికి ఉత్సాహం రావాలని చూస్తారు. నిజానికి ఆ పేరు గట్టిగా పనిచేయాల్సింది అతని మేనేజర్ దగ్గర. ఎందుకంటే ఆ ఉద్యోగి ఒకరోజు మేనేజర్ దగ్గరికి వెళ్లి "గురువారం రెండు నుంచి నాలుగు దాకా నేను ఉండనండీ, ఫలానా ప్రోగ్రామ్ ఉంది" అని చెప్పాలి. అక్కడ "ఇగ్నైట్ ఉంది" అన్నాడనుకోండి, రిలీజ్ దగ్గరపడి టెన్షన్‌లో ఉన్న మేనేజర్ "అది నెక్స్ట్ బ్యాచ్‌లో చేసుకోవచ్చులే" అంటాడు. ఆ మేనేజర్ చెడ్డవాడేం కాదు, ఆ పేరులో అతనికి పని కనపడలేదు, అంతే. అదే "అప్రైజల్ రాయడం మీద సెషన్ ఉంది" అంటే ఆపడానికి అతనికే కాస్త మొహమాటం వేస్తుంది. రేపు ఆ అప్రైజల్స్ సరిగ్గా రాకపోతే చివరికి తిరిగి వచ్చేది తన టేబుల్ మీదికే అని అతనికి తెలుసు.

అందుకే నేను ఏ పేరునైనా మూడు వాక్యాల్లో పెట్టి పైకి చదువుతాను. మొదటిది ఇందాకటిది, మేనేజర్‌ని టైమ్ అడిగే వాక్యం. రెండోది అప్రైజల్ ఫారంలో రాసుకునేది: "ఈ ఏడాది ఫలానా ప్రోగ్రామ్ పూర్తి చేశాను." దాన్ని చదివేది వేరే డిపార్ట్‌మెంట్ నుంచి ప్రమోషన్ కమిటీలో కూర్చున్న మనిషి కావచ్చు, ఆయనకి మన పోస్టర్లూ లోగోలూ ఏవీ తెలియవు. మూడోది క్యాంటీన్‌లో పక్కవాళ్లు అనుకునే మాట: "వాణ్ని ఫలానా దాంట్లో వేశారట."

ఈ మూడో వాక్యాన్ని చాలామంది పట్టించుకోరు, అసలు దెబ్బ కొట్టేది అదే. ఒకచోట "కమ్యూనికేషన్ ఎక్సలెన్స్" అనే కోర్సు ఉండేది. పేరు చూస్తే ఏ వంకా లేదు. కానీ అందులోకి పంపేది క్లయింట్ నుంచి ఫిర్యాదు వచ్చినవాళ్లనే అని ఆఫీసంతా తెలుసు. దాంతో ఆ పేరు వినగానే "అయ్యో, ఏం చేశాడు?" అనేవాళ్లు. అవసరం ఉన్నవాళ్లు కూడా పేరు ఇవ్వడానికి వెనకాడేవారు. ఇలాంటప్పుడు కొత్త పేరు పెట్టినా ఉపయోగం లేదు, కొన్ని నెలల్లో ఆ కొత్త పేరుకీ అదే మరక అంటుకుంటుంది. ముందు మారాల్సింది ఎవరిని పంపుతున్నారన్నది. బాగా మాట్లాడగలిగే సీనియర్లు కూడా ఆ గదిలో కనిపించాలి. అలాగే "ఇంప్రూవ్‌మెంట్" అనే మాటని ఏ ట్రైనింగ్ పేరులోకీ రానివ్వకండి. పెర్ఫార్మెన్స్ ఇంప్రూవ్‌మెంట్ ప్లాన్ ఉన్న ప్రతి కంపెనీలో ఆ మాటకి ఉద్యోగం ఊడే వాసన ఉంటుంది.

దీనికి పూర్తిగా ఎదురు రకం కూడా ఉంది. "ఫ్యూచర్ లీడర్స్", "హై పొటెన్షియల్" లాంటి పేర్లు. లోపలున్నవాళ్లు ప్రమోషన్ రాసిచ్చేశారు అనుకుంటారు, బయటున్నవాళ్లు తమ పని అయిపోయిందనుకుంటారు. ఏడాది తిరిగేసరికి రెండు వర్గాలూ అసంతృప్తిగానే ఉంటాయి. కాబట్టి నా లెక్కలో పేరు ఆ మనిషి ఎలాంటివాడో చెప్పకూడదు, అక్కడ చేసే పనేంటో చెప్పాలి.

మీరు అడిగిన టీమ్ లీడ్‌ల విషయానికే వస్తాను, ఇది నేను దగ్గరుండి చేసిన పని. అప్పటికే అక్కడ "ఎలివేట్ 2.0" అని ఒకటి నడుస్తుండేది. (ఈ 2.0 గురించి ఒక మాట: దాన్ని చూడగానే జనానికి తట్టేది 1.0 ఎత్తేశారన్న సంగతే, ఇది కూడా ఎన్నాళ్లు ఉంటుందిలే అని.) కొత్త పేరు వెతికే ముందు మేము ఆ కోర్సు పూర్తి చేసినవాళ్లతో మాట్లాడాం. పేరు ఎలా ఉందని అడగలేదు. "దీన్ని మీలో మీరు ఏమని పిలుచుకుంటారు? టీమ్ లీడ్ అయిన కొత్తలో మీకు నిద్ర పట్టనివ్వని విషయం ఏంటి?" ఈ రెండే అడిగాం. మొదటిదానికి దాదాపు అందరూ "ఆ మేనేజర్ క్లాసు" అన్నారు, అంటే ఎలివేట్ అనే పేరు ఎవరి నోట్లోనూ లేదు. రెండోదానికి వచ్చిన జవాబులు ఎటు తిరిగినా ఒకే చోట ఆగేవి: నిన్నటిదాకా పక్క సీట్లో కూర్చున్నవాళ్లకి ఇప్పుడు నేను రేటింగ్ ఇవ్వాలి, తక్కువ ఇస్తే మొహం ఎలా చూడాలి, ఎక్కువ ఇస్తే పైన ఎలా సమర్థించుకోవాలి.

దాంతో పేరు దాదాపు వాళ్లే పెట్టినట్టయింది: "టీమ్ లీడ్: మొదటి అప్రైజల్". వినడానికి చప్పగా ఉంది కదా, పైవాళ్లూ అదే అన్నారు. కానీ ఆ చప్పటి పేరు వెంటనే చేసిన పని ఏంటంటే, కోర్సులో ఏం ఉండాలో అదే తేల్చేసింది. పాత కోర్సులో వ్యక్తిత్వ పరీక్ష ఒకటి, ప్రెజెంటేషన్ స్కిల్స్ మీద ఒక పూట, ఎవరో పెద్దాయన స్ఫూర్తి ప్రసంగం ఉండేవి. ఈ పేరు కింద అవేవీ ఇమడవు, తీసేశాం. బదులుగా ఏడాది పొడవునా ఏం నోట్ చేసుకోవాలి, ఒక్క పేరా ఫీడ్‌బ్యాక్‌లో ఉదాహరణ ఎలా రాయాలి, రేటింగ్‌లు సరిచూసే కాలిబ్రేషన్ మీటింగ్‌లో మీ మనిషి తరఫున ఎలా మాట్లాడాలి, తక్కువ రేటింగ్ వచ్చినవాడికి ఎదురుగా కూర్చోబెట్టి ఎలా చెప్పాలి, ఇవి పెట్టాం. టైమింగ్ కూడా పేరే నిర్ణయించింది. మొదటి అప్రైజల్ అని పేరు పెట్టుకుని అప్రైజల్ అయిపోయాక క్లాసు పెడితే నవ్వుతారు కదా, అందుకని సైకిల్ మొదలయ్యే ముందుకి జరిపాం. ఆ తర్వాత "నెక్స్ట్ బ్యాచ్‌లో వస్తాను" అనే మెయిల్స్ బాగా తగ్గాయి, నెక్స్ట్ బ్యాచ్ వచ్చేసరికి అప్రైజల్ అయిపోతుంది మరి.

దీనికీ ఒక పరిమితి ఉంది. ఇలాంటి పేరు కంపెనీలోని ఒక ప్రాసెస్‌కి ముడిపడి ఉంటుంది. రేపు హెచ్ఆర్ వాళ్లు వార్షిక అప్రైజల్ తీసేసి మూడు నెలలకోసారి చెక్ఇన్ అన్నారంటే పేరు ఆ పూటే పాతబడుతుంది. బయట వేరే కంపెనీలో మేనేజర్‌గా చేసి వచ్చినవాళ్లు కూడా "మొదటి" అనే మాట చూసి ఇది మాకు కాదనుకుంటారు, నిజానికి ఇక్కడి కాలిబ్రేషన్ ఎలా జరుగుతుందో వాళ్లకీ తెలియదు. వాళ్లని ఇన్వైట్‌లో విడిగా పేరు పెట్టి పిలవాల్సి వచ్చింది.

మెంటరింగ్ సంగతి వేరు. అక్కడ పేరు బోరుగా ఉందనో గొప్పగా ఉందనో గొడవ రాదు, ఇద్దరూ ఆ పేరుని రెండు రకాలుగా అర్థం చేసుకోవడం దగ్గర వస్తుంది. బడ్డీ అంటే కొత్తగా చేరినవాడికి మొదటి కొన్ని వారాలు ఏది ఎక్కడుందో చూపించేవాడు. మెంటర్ అంటే పని గురించి, కెరీర్ గురించి సలహా ఇచ్చేవాడు. స్పాన్సర్ అంటే ప్రమోషన్ మీటింగ్‌లో మనం లేనప్పుడు మన పేరు ఎత్తేవాడు. ఈ మూడూ వేర్వేరు పనులు. మీరు "సక్సెస్ పార్ట్‌నర్" అని పేరు పెట్టారనుకోండి, జూనియర్ మనసులో స్పాన్సర్ ఉంటాడు, సీనియర్ మనసులో బడ్డీ ఉంటాడు. మొదటి మీటింగ్ మర్యాదగా జరుగుతుంది, రెండోది ఒకసారి వాయిదా పడుతుంది, మూడోది ఉండదు. అడిగితే ఇద్దరూ బిజీ అనే చెప్తారు.

కాబట్టి పేరులోనే మెంటరింగ్ అనే మాట తిన్నగా పెట్టి, పక్కన దేని మీద, ఎంతకాలం అనేవి చేర్చండి. "డిజైన్ రివ్యూ మెంటరింగ్, ఆరు నెలలు" అన్నట్టు. గడువు పేరులో ఉండటం వల్ల ముఖ్యంగా సీనియర్లు ఒప్పుకుంటారు. వాళ్ల భయమల్లా ఇది ఎప్పటికీ తెమలదేమో అని, ఆరు నెలలు అని కనిపిస్తే ధైర్యంగా సరే అంటారు.

ఇంకో మాట, పేరే సర్వం అనుకోకండి. మెక్‌డొనాల్డ్స్ వాళ్లు 1961లో మొదలుపెట్టిన ట్రైనింగ్ సెంటర్ పేరు హాంబర్గర్ యూనివర్సిటీ. ఇంతకన్నా నవ్వొచ్చే పేరు దొరుకుతుందా? అయినా నడిచింది, ఎందుకంటే అక్కడ నేర్పేది రెస్టారెంట్ నడపడం, వచ్చేవాళ్లు చేయబోయేదీ అదే. కోర్సు తర్వాత చేతికి ఏదో ఒక పని, బాధ్యత వస్తుందంటే పేరుని క్షమించేస్తారు. ఏమీ రాకపోతే ఎంత గంభీరమైన పేరైనా పోస్టర్ మీదే ఉండిపోతుంది. (యూనివర్సిటీ అనే మాట మీరూ వాడాలనుకుంటే ముందు లీగల్ టీమ్‌ని అడగండి, చాలా దేశాల్లో ఆ మాట మీద చట్టపరమైన ఆంక్షలున్నాయి.)

పేరు కుదిరిందో లేదో చూడటానికి ఓటింగ్ పెట్టొద్దు. పేర్ల పోటీ అసలే వద్దు, పోటీలో గెలిచేది చమత్కారం. ఆ ప్రోగ్రామ్ గురించి ఏమీ తెలియని పదిమందికి ఒట్టి పేరు మాత్రం చూపించి, ఇది ఎవరికి, అయిపోయాక ఏం చేయగలుగుతారు అని అడగండి. జవాబులు తలా ఒక దారి అయితే ఆ పేరులో సరుకు లేనట్టే. అలాగే ఆ పేరుని మీ ఇంట్రానెట్‌లో సెర్చ్ చేసి చూడండి, అదే పేరుతో పాత ప్రాజెక్టో సర్వరో బయటపడటం మామూలే.

ఇక పైవాళ్లు ఇప్పటికే లోగోతో సహా ఒక మెరుపు పేరు ఖాయం చేసేసి ఉంటే దాని మీద యుద్ధం చేయకండి. బ్యానర్ మీద, మెయిల్ అడుగున అది ఉండనివ్వండి. క్యాలెండర్ ఇన్వైట్ సబ్జెక్ట్ మాత్రం మీ చేతిలో ఉంచుకోండి. ఫోన్ నోటిఫికేషన్‌లో మొదటి కొన్ని మాటలే కనిపిస్తాయి, అక్కడ "ఎలివేట్ 2.0, వేవ్ 3, సెషన్ 2" అని ఉంటే తెరవకుండానే పక్కకి తోసేస్తారు. "తక్కువ రేటింగ్ ఎలా చెప్పాలి" అని ముందు పెట్టి, ఎలివేట్‌ని చివరికి నెట్టండి.